నాలుగు రెట్లు వచ్చినా నష్టమెందుకు?

ఇంటి నుంచే అబాయాలు, పిల్లల దుస్తులు, అత్తరు, ఖర్జూరం అమ్ముకునే కుటుంబాలు ఈ కొన్నేళ్ళలో మన మధ్య బాగా పెరిగాయి. వారిలో పలువురు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు చెల్లించి ప్రకటనలు వేస్తున్నారు. అటువంటి వారి నోట మేము తరచు వినే మాట ఒకటుంది: "ప్రకటనకు పెట్టిన ప్రతి రూపాయికీ నాలుగు రూపాయల అమ్మకం వస్తోంది. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు." ఇంటి ఖర్చులు పెరిగాయని ఒకరు సరిపెట్టుకుంటారు. సంపాదనలో బరకత్ లేదని మరొకరు బాధపడతారు. ఆ రెండింటి జోలికీ పోయే ముందు "నాలుగు రెట్లు" అన్న ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దేనిని లెక్కించిందో, దేనిని లెక్కించలేదో చూడవలసి ఉంటుంది. ఈ నెల ఆ పని చేద్దాం.

ప్రకటనల ఖాతా తెరిస్తే తెరమీద Purchase ROAS అనే గడి కనిపిస్తుంది. వ్యాపారులు దానిని వాడుకలో 'రోయాస్' అంటారు. ప్రకటన ద్వారా వచ్చినట్లు నమోదైన అమ్మకాల మొత్తాన్ని ప్రకటన ఖర్చుతో భాగిస్తే వచ్చే అంకె అది. కొనుగోలుదారు మన వెబ్‌సైటులో ఆర్డరు పెట్టడం పూర్తిచేసిన క్షణాన, అక్కడ అమర్చిన ఒక చిన్న కోడు ఈ సంగతిని ప్రకటనల ఖాతాకు చేరవేస్తుంది. అది చేరవేసే వాటిలో ఈ అంకెకు పనికివచ్చేవి రెండే విషయాలు: ఒక కొనుగోలు జరిగింది, దాని విలువ ఇంత. ఆ విలువలో ప్రభుత్వానికి కట్టవలసిన జీఎస్‌టీ కూడా చాలాసార్లు కలిసే ఉంటుంది. ఆ బట్ట మనకు ఎంతకు పడిందో ఖాతాకు తెలియదు. ఆ పార్సిలు నాలుగు రోజుల తరువాత వెనక్కి వచ్చినా, మనంతట మనం ఏర్పాటు చేస్తే తప్ప, ఆ సంగతీ దానికి తెలియదు. చేయి చాపి "పంపండి" అన్న ప్రతి ఒక్కరినీ అది కొనుగోలుదారుగానే రాసుకుంటుంది. డబ్బు చెల్లించి సరుకు ఉంచుకున్నవారిని విడిగా గుర్తించడం దాని పని కాదు. కనుక ఆ అంకె అబద్ధం చెప్పడం లేదు. మనం దానిని అడగని ప్రశ్నకు అది జవాబు ఇవ్వడం లేదు, అంతే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు కర్నూలులో ఉంటారు. హైదరాబాదు పత్తర్‌గట్టీ నుంచి నిదా బట్ట తెప్పించి, ఇంటి దగ్గరి కుట్టుపనివారితో అబాయాలు కుట్టించి, దేశమంతటా పంపుతారు. ఒక్కో అబాయా ధర 1,050 రూపాయలు. ఇందులో 50 రూపాయలు జీఎస్‌టీ, అంటే వారికి దక్కేది 1,000. బట్టకు 300, కుట్టుకూలికి 130, లేసూ గుండీలూ వగైరాలకు 50 కలిపి ఒక్కో అబాయా 480 రూపాయలకు తయారవుతుంది. ఒక నెలలో వారు ప్రకటనలకు 52,500 రూపాయలు ఖర్చు చేశారు. 200 ఆర్డర్లు వచ్చాయి. 200 ఆర్డర్ల విలువ 2,10,000 రూపాయలు. 52,500తో భాగిస్తే సరిగ్గా నాలుగు. ఇంట్లో అందరికీ సంతోషమే.

ఇంటాయన లెక్క ఇలా సాగుతుంది: "వెయ్యి రూపాయలకు అమ్ముతున్నాం, 480 పోగా 520 మిగులుతోంది. ఒక ఆర్డరుకు ప్రకటన ఖర్చు 262 రూపాయల యాభై పైసలు. అంటే ఒక్కో అబాయా మీద 250కి పైగా లాభం. 200 అబాయాలకు 50 వేలు!" ఈ లెక్కలో కూడికలు, తీసివేతలు అన్నీ సరైనవే. తప్పల్లా ఒక్కచోటే ఉంది: 200 అన్న అంకె దగ్గర.

ఆ 200 ఆర్డర్లలో 40 మంది మాత్రమే ముందుగా డబ్బు చెల్లించారు. తక్కిన 160 మంది క్యాష్ ఆన్ డెలివరీ, అంటే సరుకు చేతికి అందాక డబ్బు ఇచ్చేవారు. పంపేముందు ఫోను చేస్తే వారిలో 10 మంది వద్దన్నారు. మిగిలిన 190 పార్సిళ్ళు బయలుదేరాయి. క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్ళలో 40 గమ్యం చేరకుండానే తిరిగి వచ్చాయి. కొందరు ఫోను ఎత్తలేదు. కొందరి చిరునామా అసంపూర్ణం. ఇంకొందరు తలుపు తీసి, "ఇప్పుడు డబ్బు లేదు, తీసుకువెళ్ళండి" అన్నారు. కొరియరువారి భాషలో దీనిని ఆర్‌టీవో అంటారు. బండ్లు రిజిస్టరు చేసే కార్యాలయానికీ దీనికీ సంబంధం లేదు. పంపినచోటికే తిరిగిరావడమని దీని అర్థం. చివరికి 150 మంది చేతికి సరుకు అందింది. వారిలో మరో 10 మంది పొడవు సరిపోలేదని, రంగు ఫోటోలో ఉన్నట్లు లేదని తిప్పి పంపి డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఉంచుకున్నవారు 140 మంది. ఆ నెల నిజమైన అమ్మకం జీఎస్‌టీ పోగా 1,40,000 రూపాయలు. తెరమీద కనిపించిన 2,10,000కు ఇది సరిగ్గా మూడింట రెండు వంతులు.

ఇక ఖర్చుల వైపు చూద్దాం. 140 అబాయాల తయారీ ఖర్చు 67,200 రూపాయలు. కొరియరు ఒక్కో పార్సిలుకు 80 రూపాయలనుకుంటే 190 పార్సిళ్ళు పంపడానికి 15,200, తిరిగివచ్చిన 50 పార్సిళ్ళకు మరో 4,000. అమ్ముడుపోని అబాయాకు మనం రెండుసార్లు ప్రయాణపు చార్జీ కట్టామన్నమాట. సంచి, పెట్టె, చీటీ కలిపి 20 రూపాయల చొప్పున 3,800. చేతికి నగదు వసూలు చేసి తెచ్చినందుకు కొరియరువారు తీసుకునేది, ముందుగా చెల్లించినవారి డబ్బును మన ఖాతాకు చేర్చే సంస్థ తీసుకునేది కలిపి 4,140. తిరిగివచ్చిన 50 అబాయాలలో పదింటికి మరక అంటింది, లేదా మడత నలిగి కొత్తదిగా అమ్మడానికి పనికిరాకుండా పోయింది. వాటిని తయారీ ఖర్చులో సగానికి వదిలించుకుంటే 2,400 నష్టం.

ఇవన్నీ కలిపితే 96,740 రూపాయలు. 1,40,000 నుంచి ఇది తీసివేస్తే 43,260 మిగులుతుంది. ప్రకటనలకు పెట్టినది 52,500. ఆ నెల ఆ ఇంటికి వచ్చినది యాభై వేల లాభం కాదు, 9,240 రూపాయల నష్టం. ఇల్లాలు రాత్రి పదకొండు వరకు కూర్చుని పార్సిళ్ళు కట్టిన శ్రమకు ఇందులో ఒక్క రూపాయి కూడా లెక్కకట్టలేదని గమనించండి.

ఇక్కడి నుంచి ఒక ఉపయోగకరమైన అంకెను బయటికి తీయవచ్చు. మిగిలిన 43,260ని అమ్ముడైన 140తో కాక, మొదట వచ్చిన 200 ఆర్డర్లతోనే భాగించాలి. ఎందుకంటే ప్రకటన డబ్బు ఖర్చయినది ఆ 200 ఆర్డర్లను రప్పించడానికే. భాగిస్తే 216 రూపాయలు వస్తుంది. ఒక ఆర్డరు రప్పించడానికి ఈ కుటుంబం ఖర్చు చేయగల గరిష్ఠ పరిమితి అది. వారు ఖర్చు చేస్తున్నది 262 రూపాయల యాభై పైసలు. అదే మాటను రోయాస్ భాషలో చెప్పాలంటే 1,050ని 216తో భాగించాలి: దాదాపు 4.85. తెరమీద ఆ అంకె 4.85 దాటినప్పుడే ఈ ఇంటికి మొదటి రూపాయి లాభం మొదలవుతుంది. ఇంటాయన తన తొలి లెక్క ప్రకారం 1,050ని 520తో భాగించి ఉంటే రెండు వచ్చి ఉండేది. రెండు దాటితే చాలని నమ్మినవాడికి నాలుగు అన్నది పండుగలాగే కనిపిస్తుంది. పొరుగు దుకాణానికి మూడు చాలవచ్చు, మరొకరికి ఆరు వచ్చినా చాలకపోవచ్చు. అందువల్ల "మాకు నాలుగు వస్తోంది, మీకెంత వస్తోంది?" అని ఒకరినొకరు అడుగుకోవడంలో అర్థం లేదని మా అభిప్రాయం.

ఈ 4.85 అన్నది రాతిమీద గీత కాదు. ఇది దేనిని బట్టి కదులుతుందో తెలిస్తే ఎక్కడ చేయి పెట్టాలో తెలుస్తుంది. అదే కుటుంబం, అదే ప్రకటన, అవే 200 ఆర్డర్లు. గమ్యం చేరకుండా తిరిగివచ్చే పార్సిళ్ళు మాత్రం 40కి బదులు 20 అయ్యాయనుకుందాం. అప్పుడు ఉంచుకున్నవారు 160 మంది. అమ్మకం 1,60,000. పాడైపోయేవీ తిరుగు చార్జీలూ తగ్గుతాయి, తయారీ ఖర్చు పెరుగుతుంది. అన్నీ పోగా 55,620 మిగులుతుంది. ప్రకటన ఖర్చు తీసివేస్తే 3,120 రూపాయల లాభం. తెరమీది రోయాస్ మాత్రం అప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. తొమ్మిది వేల నష్టానికీ మూడు వేల లాభానికీ మధ్య ఉన్న తేడా ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. లాభం పెద్దదేమీ కాదు, నిజమే. కానీ ప్రకటన జోలికి పోకుండా, ఫోను పలకరింపుతోనూ చిరునామా సరిచూడడంతోనూ సాధించగలిగినది ఇది.

దీనికి విరుద్ధమైన దృశ్యం రంజాన్ మాసానికి ముందు మనకు తరచు కనిపిస్తుంది. ఇరవై శాతం తగ్గింపు ప్రకటిస్తారు. అబాయా ధర 840 అవుతుంది, జీఎస్‌టీ పోగా 800. తగ్గింపు చూసి జనం ఎక్కువగా ఆర్డర్లు పెడతారు. అదే 52,500 రూపాయలకు ఇప్పుడు 312 ఆర్డర్లు వచ్చాయనుకోండి. రోయాస్ నాలుగు నుంచి ఐదుకు ఎక్కుతుంది. తిరిగివచ్చే వంతు మునుపటిలాగే ఉంటే, ఒక్కో ఆర్డరు మీద మిగిలేది 216 కాదు, 77 రూపాయలు మాత్రమే. ధర తగ్గింది గానీ బట్ట, కూలి, కొరియరు ఏదీ తగ్గలేదు కదా! 312 ఆర్డర్ల మీద 24 వేలు మిగులుతాయి, ప్రకటనకు 52,500 పోతాయి. నష్టం 28 వేలు దాటుతుంది. అంకె మెరుగుపడింది, పని ఒకటిన్నర రెట్లు దాటింది, నష్టం మూడింతలైంది. 5 అన్న అంకె చూసి ప్రకటన ఖర్చును రెట్టింపు చేసే ఆలోచన సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. అది లెక్కల పుస్తకంలో కనిపించదు. కొనుగోళ్ళు కావాలని మనం ప్రకటనల వ్యవస్థకు చెప్పినప్పుడు, "కొనుగోలు" అని నమోదైనవారిని పోలిన మరికొందరిని అది వెతుకుతుంది. మనం నమోదు చేయిస్తున్నది ఆర్డరు పెట్టిన క్షణాన్ని గనుక, అది సులువుగా ఆర్డరు పెట్టేవారిని వెతకడం నేర్చుకుంటుంది. తలుపు దగ్గర డబ్బు ఇచ్చేవారిని వెతకమని దానికి ఎవరూ చెప్పలేదు. ఏ ప్రకటన చూసి వచ్చినవారు ఎక్కువగా సరుకు వెనక్కి పంపుతున్నారో ఆ ప్రకటనకే రోయాస్ ఎక్కువగా ఉండడం ఇందువల్ల అసాధ్యమేమీ కాదు. కొందరు అమ్మకందారులు ఫోనులోనో వాట్సాప్‌లోనో ఖాయం చేసుకున్న తరువాతనే కొనుగోలు కబురు ప్రకటనల ఖాతాకు వెళ్ళేలా మార్చుకుంటారు. వంద రూపాయలైనా ముందుగా కట్టమని కోరేవారూ ఉన్నారు. ఇందువల్ల ఆర్డర్ల సంఖ్య, రోయాస్ రెండూ కిందికి దిగుతాయి. తెరను మాత్రమే చూసేవారికి ఇది వెనుకడుగుగా తోస్తుంది. పైగా కబుర్లు మరీ తగ్గిపోతే వ్యవస్థకు నేర్చుకోవడానికి సరిపడా సమాచారం ఉండదు. ఒక్కో ప్రకటన సమూహానికి వారానికి సుమారు 50 కొనుగోళ్ళు కావాలని ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థ సూచిస్తుంది. నెలకు 200 ఆర్డర్ల దుకాణం ఇప్పటికే ఆ అంచున ఉంది. కాబట్టి ఆ కొద్ది ఆర్డర్లను ఐదారు ప్రకటన సమూహాలుగా చీల్చుకోకుండా ఒకటి రెండింటికే పరిమితం చేసుకోవడం నయం.

మరి ఈ నష్టం చాలా నెలల వరకు ఎందుకు బయటపడదు? డబ్బు వచ్చే వేళలూ పోయే వేళలూ వేరు కావడమే కారణం. కొరియరువారు వసూలు చేసిన నగదు కొన్ని రోజుల తరువాత మన ఖాతాలో పడుతుంది. షాబాన్ నెల చివరి ఆర్డర్ల డబ్బు రంజాన్‌లో వస్తుంది, షాబాన్‌లో పంపిన సరుకు తిరిగి రావడమూ రంజాన్‌లోనే జరుగుతుంది. బట్ట వ్యాపారి నెల రోజుల అప్పు ఇస్తే, పాత సరుకు డబ్బు తీర్చేలోపు కొత్త అమ్మకాల డబ్బు వచ్చి పడుతుంది. ఆర్డర్లు పెరుగుతున్నంత కాలం బ్యాంకు ఖాతా నిండుగానే కనిపిస్తుంది. అమ్మకాలు ఆగిన నెలలో బాకీలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అందుచేత బ్యాంకు ఖాతాను చూసి లాభనష్టాలు తేల్చడం కూడా రోయాస్‌ను చూసి తేల్చడం వంటిదే.

మేము సూచించే పద్ధతికి ఒక నోటు పుస్తకం చాలు. ఆర్డరు పెట్టిన తేదీని బట్టి ఒక నెల ఆర్డర్లన్నీ ఒకచోట రాయండి. ప్రతి ఆర్డరుకూ ఎదురుగా అది చివరికి ఏమైందో రాసేందుకు ఒక గడి వదలండి: ఉంచుకున్నారు, దారిలో తిరిగి వచ్చింది, చేతికి అందాక తిప్పి పంపారు, పంపకముందే రద్దయింది. నెల ముగిసిన వెంటనే లెక్క కట్టకూడదు. చివరి పార్సిలు చేరి, తిప్పి పంపడానికి మనం ఇచ్చిన గడువు కూడా దాటాలి, అంటే మరో నెల రోజులు ఆగవలసి వస్తుంది. ప్రతి గడీ నిండిన తరువాత ఉంచుకున్నవారి డబ్బు నుంచి పైన చెప్పిన ఖర్చులన్నీ తీసివేసి, మొదటి ఆర్డర్ల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకెను గోడమీద రాసి పెట్టుకోండి. ఒక ఆర్డరుకు ప్రకటన ఖర్చు దానిని దాటిన రోజున ప్రకటన ఆపడమా, ధర మార్చడమా అన్నది ఆలోచించుకోవచ్చు. ప్రకటన బిల్లు మీద పడే 18 శాతం జీఎస్‌టీ సంగతి కూడా చూసుకోండి. మన జీఎస్‌టీ నంబరు ప్రకటనల ఖాతాలో నమోదై ఉంటే ఆ పన్నును మనం కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకునే వీలుంటుంది. నమోదు చేయకపోతే 52,500 ఖర్చు కాస్తా దాదాపు 62 వేలు అవుతుంది.

ఆ ఒక్క నెల ఆగడం మరొక కారణంగా కూడా అవసరం. మన కుటుంబాలలో ఇటువంటి చిన్న వ్యాపారాలకు పెట్టుబడి తరచు బంధువుల నుంచి లాభంలో వాటా అనే ఒప్పందం మీద వస్తుంది. అన్నగారు లక్ష రూపాయలు ఇస్తారు, చెల్లెలు శ్రమిస్తుంది, వచ్చిన లాభాన్ని ఇద్దరూ పంచుకుంటారు. ఇటువంటి ముదారబా ఒప్పందంలో అసలు నిలిచిన తరువాత మిగిలినదే లాభం. తెరమీది అంకె చూసి "ఈ నెల యాభై వేలు వచ్చింది భాయిజాన్, మీ వాటా పాతిక వేలు" అని ఇచ్చేస్తే, ఆ పాతిక వేలు ఎక్కడివి? అవి ఆయన ఇచ్చిన లక్షలోవే. నాలుగు నెలలు ఇలా గడిస్తే ఆయన అసలు ఆయనకే వాటాలుగా తిరిగి చేరుతుంది. నష్టం బయటపడేనాటికి కొత్త బట్టకు డబ్బు ఉండదు. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలూ ఉండవు.

మొదటి ఆర్డరు మీద నష్టం వచ్చినా పరవాలేదు, ఆ కొనుగోలుదారు మళ్ళీ మళ్ళీ కొంటుందని వాదించేవారు ఉన్నారు. కొన్ని వస్తువుల విషయంలో ఇది నిజమే. అత్తరు అయిపోతుంది, ఖర్జూరం అయిపోతుంది, రెండోసారి కొనేటప్పుడు ప్రకటన ఖర్చు ఉండదు. అబాయా విషయంలో ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి ఆశించడం కష్టం. మీ సరుకు ఏ కోవకు చెందుతుందో ఊహించనక్కరలేదు. ఆరు నెలల క్రితపు ఆర్డర్ల ఫోను నంబర్లు తీసి, సరుకు ఉంచుకున్నవారిలో ఎంతమంది ఆ తరువాత తమంతట తాముగా మళ్ళీ కొన్నారో లెక్కించండి. వారి రెండో కొనుగోలు మీద మిగిలిన డబ్బును మొదటి నష్టం పక్కన రాయండి. ఆ కుటుంబం నష్టం 9,240 రూపాయలు. రెండో కొనుగోలులో ప్రకటన ఖర్చు లేకుండా, ఏదీ తిరిగి రాకుండా ఒక్కో అబాయా మీద సుమారు 390 రూపాయలు మిగిలితే, 140 మందిలో కనీసం 24 మంది మళ్ళీ కొని ఉండాలి.